ఎడమ వాటం

నీళ్లు పోయేందుకు నేల వాలును మా పనిలో వాటం అంటాం. ఆ వాటాలు పెట్టీ పెట్టీ నా మోకాళ్లు అరిగిపోయాయి. జనగామలో ఆ పంతులుగారింట్లో బాత్రూం పని ఒప్పుకునే నాటికి, బండ పరవమంటేనే నాకు ఒళ్లు మండేది.

ఆయన హైదరాబాదు నుంచి తెల్లటి షవర్ ట్రే ఒకటి తెప్పించాడు. దాని వాలు దానికే ఉంటుంది, నీళ్లు జారే కన్నం దానికే ఉంటుంది. కింద కదలకుండా కూర్చోబెట్టి పైపు కలిపితే నా పని తీరుతుంది. నాకైతే అదే హాయి. కానీ దాని అంచు నాలుగంగుళాల ఎత్తు, స్నానం చెయ్యాల్సిందేమో వాళ్లమ్మ. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె గుట్టల్లో దాక్కున్న వాళ్లకు సద్ది మోసిందట. ఒక మిలిటరీవాడు తుపాకి మడమతో ఎడమ మోకాలి కింది ఎముక విరగ్గొట్టాడు. అతుక్కుందిగాని పొట్టిదై అతుక్కుంది. ఇప్పుడు ఆ కాలు చిన్న గట్టు కూడా దాటదు. అందుకని రోజూ కోడలే పట్టుకుని స్నానం చేయిస్తోంది.

అవ్వ నన్ను పక్కకు పిలిచింది.

"కొడుకా, ఆ మిలిటరోళ్ల ముందల సుత నా బట్ట జారనియ్యలే. గిప్పుడు రోజు కోడలు ముందల నిలవడుతున్న. నేనొక్కదాన్నే తానం చేసేటట్టు ఏమన్న చెయ్యి."

ఆ మాటకు నా విసుగంతా ఎటు పోయిందో. ట్రే వద్దని పంతులుగారికి చెప్పాను. గట్టు లేకుండా బయటి గది నేలతో సమంగా లోపలికి పోవాలి, అక్కడి నుంచి నేల మొత్తం నీళ్లు దిగే కన్నాల జాలి వైపు వాలాలి. అంటే నేలంతా నీళ్లు పీల్చకుండా పూత వెయ్యాలి, గోడలకూ ఎక్కించాలి. పని రెట్టింపు. బాత్రూం కింద స్లాబు ముందే పల్లంగా దించి పోశారు కాబట్టి లోతుకు కొదవ లేదు, పొడుగు జాలి ఏ గోడ వారన పెట్టినా పైపు అందుతుంది.

ఏ గోడో నల్లా ముందు నిలబడే మనిషినే అడుగుదామనుకున్నాను.

"అవ్వా, వాటం ఎటు పెట్టమంటవ్?"

"నాది ఎడమ వాటమే బిడ్డా" అంది.

సరే అనుకుని మొదలుపెట్టాను. నీళ్లు నింపిన లెవెల్ పైపుతో గోడల చుట్టూ ఒకే మట్టంలో గీత కొట్టాను. ఆ గీత నుంచి కిందికి కొలుస్తూ, నల్లా వైపు తిరిగితే కుడివైపున్న తలుపు దగ్గర అన్నిటికన్నా ఎత్తు, ఎడమ గోడ వారన జాలి దగ్గర అన్నిటికన్నా పల్లం పెట్టాను. అడుగుకు పావంగుళం చొప్పున ఆరడుగుల్లో అంగుళన్నర పడింది. అంతకన్నా తక్కువైతే నీళ్లు నిలుస్తాయి, మరీ ఎక్కువైతే ముసలి కాళ్లు జారుతాయి. దారాలు లాగి, సిమెంటు మాలు పరిచి, చెక్క బద్దతో గీసి సాపు చేశాను. గట్టిపడ్డాక బకెట్ నీళ్లు కుమ్మరిస్తే ఒక్క చుక్క నిలవకుండా జాలికే పోయాయి.

పూత వెయ్యకముందే ఒకసారి చూసుకొమ్మని నేల ఆరాక అవ్వను పిలిచాను. నల్లా వైపు తిరిగి నిలబడిందో లేదో ఎడమకు ఒరిగిపోయింది. కోడలు పట్టుకోకపోతే పడేదే.

"అటే ఎందుకు వంచినవ్?"

"ఎడమ వాటం అని నువ్వే అంటివి గద అవ్వా!"

"నా చెయ్యి అడుగుతున్నవనుకున్న. నేను ఎడమ చేతితోనే చెంబు పడ్త. వాటమంటే గదే గద!"

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. పొట్టికాలు సరిగ్గా పల్లం వైపుకు వచ్చింది. మొత్తం పగలగొట్టాలి, మళ్లీ దారాలు, మళ్లీ మాలు, మళ్లీ గొంతుక్కూర్చోవడం. తలుపు దగ్గరే కూలబడ్డాను. అంత అలసట నాకు ఎన్నడూ రాలేదు.

"ఎవ్వలు పట్టుకోకుండ్రి" అంటూ అవ్వ కోడలి చెయ్యి విడిపించుకుంది. మెల్లగా వెనక్కి తిరిగి, నల్లాకు వీపు పెట్టి నిలబడింది. ఇప్పుడు పొట్టికాలు ఎత్తు వైపు ఉంది. ఒరగలేదు.

"కాలిరిగినంక గుట్టల పొంటి గిట్లనే తిరిగిన. కుంటికాలు మీది దిక్కు ఉంటెనే పడకపోతుంటి. నేల పలగ్గొట్టకు బిడ్డా. నల్లను నా ముందలి ఈ గోడకు తే."

అడుగు వెడల్పులో పావంగుళమంటే ఎంత? కానీ ఆ కాలికి అది తెలిసింది. గోడ తొలిచి, ప్లంబర్‌తో పైపు తిప్పించి, పూత వేసి, గరుకు టైల్స్ పరిచాను. చేతికి అందేటట్టు ఒక కడ్డీ కూడా బిగించాను.

మొదటి స్నానం రోజు నేను బయట వరండాలో కూర్చుని ఉన్నాను. అవ్వ గోడ పట్టుకుని లోపలికి పోయి తలుపు మూసింది. వెంటనే లోపల గొళ్లెం పడిన చప్పుడు. కోడలు బెదిరిపోయి తలుపు కొట్టింది.

"అత్తమ్మా, గొళ్లెమెందుకు! పడితే ఎట్ల?"

చెంబెడు నీళ్లు పడిన చప్పుడయ్యాక లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఏం పరేషాన్ గాకు. తానం జేస్తున్న, అవతలికి పో."