నూటికి అరవై, దేని మీద?

కొత్తకోటలో గొర్రెలు కొనవచ్చే బేరగాళ్లు ఈదమ్మ అంటే జంకేవారు. చేతిలో పెట్టిన నోటును ఎండకెత్తి చూసేది. ఎవరైనా ఒట్టేశారంటే ఏదో దాస్తున్నారని ఆమె లెక్క. భర్త గుర్వయ్య మంద వెంట కృష్ణ ఒడ్డుకు పోయిన నెలల్లో ఇల్లూ బేరాలూ ఆమె చేతి మీదుగానే నడిచేవి.

1964లో ఆమె పెద్దకొడుకు జంగయ్య రోడ్డు పక్క నూనె మిల్లులో ఫిట్టర్ పని నేర్చుకోవడానికి కుదిరాడు. పని వచ్చిన కార్మికుడికి సర్కారు నిర్ణయించిన కనీస వేతనంలో నూటికి అరవై వంతున, నేర్చుకునేవాళ్లకు నెలనెలా ఇవ్వాలని ఉత్తర్వు ఉంది. జీతాల రోజున ఫిట్టర్ మేస్త్రి సైదులు ఆఫీసులో పైసలు తీసుకుని తన కిందివాళ్లకు పంచేవాడు. జంగయ్య చేతికి నలభై రెండు రూపాయలు వచ్చేవి.

ఎనిమిదో నెలలో ఆత్మకూర్ అంగట్లో ఈదమ్మకు చెల్లెలు యాదమ్మ కలిసింది. అక్కడి నూనె మిల్లులో ఆమె కొడుకు కూడా అదే పని నేర్చుకుంటున్నాడు.

"మావోనికి యాభై నాలుగు ఇస్తుండ్రక్కా. పని వచ్చినోని జీతంల పదికి ఆరంట" అంది యాదమ్మ.

ఈదమ్మకు ఆ తరువాత అంగట్లో ఏమీ కొనబుద్ధి కాలేదు. అవే పల్లీలు, అవే మిషన్లు. నడుమ పన్నెండు రూపాయలు ఎటు పోతున్నాయి? పైసలు పంచేది ఒక్కడే. ఆమెకు వేరే పేరు తట్టలేదు.

మరునాడు మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గర సైదులును ఆపింది.

"నీ జీతమెంత మేస్త్రీ?"

సైదులు చేతుల గ్రీజు తుడుచుకుంటూ పక్కకు చూశాడు. "గదెందుకక్కా నీకు?"

"చెప్పరాదు?"

"తొంబై."

"పదికి ఆరు లెక్కన తొంబైకి యాభై నాలుగు. నా కొడుక్కు నలభై రెండే ఇస్తున్నవు. కడమయి ఏడ పోతున్నయ్?"

"ఆఫీసుల ఏమిస్తే గదే ఇచ్చిన. నా పిల్లల మీద ఒట్టు!"

ఆ ఒట్టుతో తిన్నది ఇతనేనని ఈదమ్మకు ఖాయమైపోయింది. మేస్త్రి నుదుట చెమట పట్టడం కూడా ఆమె చూసింది.

"ఆయన గసొంటోడు కాదమ్మా, పని మంచిగ నేర్పుతుండు" అని జంగయ్య ఎంత మొత్తుకున్నా వినలేదు. బస్సెక్కి పాలమూరు పోయి, లేబర్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి మేస్త్రి మీదే ఫిర్యాదు చెప్పింది.

వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టర్ మిల్లుకు వచ్చాడు. ఈదమ్మనూ పిలిపించాడు. గుమస్తాను లెక్క అడిగాడు.

"మేస్త్రి తినలేదు సార్. మేమే నలభై రెండు ఇస్తున్నం. మా ఫిట్టర్ జీతం డెబ్బై. డెబ్బైలో నూటికి అరవై అంటే నలభై రెండే కద" అన్నాడు గుమస్తా ధీమాగా.

ఈదమ్మ గిర్రున సైదులు వైపు తిరిగింది. అతను తల వంచుకున్నాడు.

"గుణకారం బాగానే ఉంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కానీ దేని మీద లెక్కగట్టారు? మీరు ఇచ్చే జీతం మీద కాదు. పని వచ్చిన కార్మికుడికి సర్కారు నిర్ణయించిన రేటు మీద. అది నెలకు తొంభై. అందులో నూటికి అరవై యాభై నాలుగు. అది సరే, ఫిట్టర్‌కు డెబ్బై ఏమిటి? తొంభైకి తగ్గకూడదు కదా?"

గుమస్తా లెక్కల పుస్తకం మూసేశాడు. మిల్లు యజమాని సేటు కుర్చీలోంచి లేచి చాయ్ తెమ్మని కేకేశాడు.

చట్టం ప్రకారం ఆరు నెలల వెనక్కే అడగవచ్చన్నాడు ఇన్‌స్పెక్టర్. కేసు దాకా పోకుండా ఇచ్చేస్తానని సేటు ఒప్పుకున్నాడు. జంగయ్యకు డెబ్బై రెండు, సైదులుకు నూట ఇరవై రావాలని తేలింది.

బయట వేపచెట్టు కింద ఈదమ్మ సైదులు దగ్గరకు వెళ్లింది.

"తొంబై అని ఎందుకు చెప్పినవ్?"

"పదేండ్ల సంది మేస్త్రిని. అత్తగారింట్ల గిట్లనే చెప్పుకున్న. డెబ్బై అంటే ఇజ్జత్ పోతదనుకున్న." అతను ఆమె వైపు తిరిగాడు. "నన్ను దొంగను చేసినవు గదక్కా, పాలమూరు దాక పోయి."

తప్పయిందని అనడం ఈదమ్మకు అలవాటు లేని పని. "నీ తానకెల్లి నెలకు ఇరవై కొట్టిండ్రు, నీకు కోపం నా మీదనా?" అని మాత్రం గొణిగింది. సైదులు లోపలికి వెళ్లిపోయాడు. నెలపాటు ఆమెతో మాట్లాడలేదు. జంగయ్యకు పని నేర్పడం మాత్రం మానలేదు.

బాకీ ముట్టిన మరునాడు మిల్లు నుంచి ఒక మనిషి నూనె డబ్బా తెచ్చి గడప ముందు పెట్టాడు.

"సేటు ఖుషీగ పంపిండు" అన్నాడు.

"సైదులు ఇంటికి పంపిండా?"

"లేదు."

"అయితే వాపస్ కొండబో" అని ఈదమ్మ తలుపు వేసుకుంది.