తెల్ల పంచె, పసుపు మొహం

మదనపల్లె ఫోటోగ్రాఫర్ ఘనికి ట్యూబులైటంటే ఒళ్లుమంట. మన కంటికి తెల్లగా కనిపించే ఆ వెలుతురు కలర్ ఫిలింలో మొహాలకు ఆకుపచ్చ పూస్తుంది. మామూలు బల్బయితే పసుపు పూస్తుంది. తిట్లు మాత్రం ఘనికే.

1985లో పుంగనూరు కృష్ణమ్మ కూతురి పెండ్లిలో సరిగ్గా ఆశీర్వాదం వేళకు అతని ఫ్లాష్ మొరాయించింది. చేసేదిలేక ట్యూబులైట్ల కిందే తీశాడు. అందులో కృష్ణమ్మ భర్త గోవిందప్ప కుప్పం నుంచి వచ్చిన అల్లుడి పక్కన నిలబడ్డాడు; ఆయనకు జీవితం మొత్తంలో ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. కొన్ని నెలలకే ఆయన పోయాడు. బెంగుళూరు కలర్ ల్యాబు నుంచి వచ్చిన కాపీలో మామా అల్లుళ్లిద్దరూ ఆకుపచ్చగా ఉన్నారు.

"తద్దినానికి పటం కట్టించల్లప్పా. మడిసి మడిసి మాదిరి ఉండల్ల," అంది కృష్ణమ్మ.

ఘని తన చీకటిగదిలోనే మళ్లీ కడిగాడు. నెగటివ్‌ను కాగితం మీద ముద్రించే ఎన్‌లార్జర్‌లో మెజెంటా, అంటే ముదురు గులాబీ ఫిల్టర్ తగ్గించుకుంటూ పోతే ఆకుపచ్చ విరిగింది. తడి కాగితం రంగును నమ్మకూడదు కాబట్టి ఆరబెట్టి, వీధిలోకి తెచ్చి పగటి వెలుతురులో చూశాడు. గోవిందప్ప పంచె తెల్లగా ఉంది. అల్లుడి మొహం చక్కగా వచ్చింది. గోవిందప్ప మొహం మాత్రం పసుపుగా ఉంది.

ఫోటోలో పసుపు ఎక్కువైతే పసుపు ఫిల్టరే పెంచాలి. ఈ పనిలో అంతా తిరకాసే. పెంచాడు. గోవిందప్ప బాగుపడేసరికి పంచె నీలిమందులో ముంచినట్టయింది, అల్లుడూ నీలంగా తిరిగాడు. తగ్గిస్తే కథ మళ్లీ మొదటికి వచ్చింది. ఫోటో కాగితాలు దండగైపోతున్నాయి.

"ఒకే లైటు కింద నిలబడినోళ్లు గదా, ఈయనొక్కడికే ఏమి రోగం?" అని భార్య జైనాబ్ మీద విసుక్కున్నాడు.

"నన్నడిగితే? లైటును నేను పట్టుకోనుంటినా?" అని ఆమె టీ గ్లాసు ఠక్కున పెట్టి వెళ్లింది.

మర్నాడు కృష్ణమ్మ వస్తే రెండు కాపీలూ ఆమె ముందు పడేశాడు. "ఇంతకంటే నావల్ల కాదమ్మా. పంచె తెల్లగుంటే మొహం పసుపు, మొహం బాగుంటే పంచె నీలం."

పంచె తెల్లగా ఉన్న కాపీని ఆమె వాకిట్లో ఎండకు పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"కండ్లు గూడా పసుపేనప్పా," అంది. "పెండ్లయినాక గదా ఆస్పత్రిలో కామెర్లు అనింది. పెండ్లి పొద్దే ఉండాది. పందిట్లోనే మా ఆయన యాల ఇట్లుండాడని నేను నిన్ను అడిగితి. ట్యూబులైటు కింద అట్లే ఉంటాదంటివి. అందరమూ అదే అనుకొంటిమి."

ఈసారి ఘనికి తిట్టడానికి ట్యూబులైటు కూడా దొరకలేదు.

కృష్ణమ్మ ఆ కాపీని బోర్లా పెట్టి, రెండోది అతని చేతికిచ్చింది.

"ఇది కట్టించప్పా. పంచె నీలంగా ఉంటే ఉండనీ. దీంట్లో ఆయన బాగుండాడు."