కారం కంపెనీకి మా ఇంటి నుంచి వెళ్ళిన మెయిలు

ఎడ్లపాడు వైపు మిల్లున్న ఒక కారం కంపెనీ మెడలు వంచి, మా మనవరాలికి మొదటి కాంట్రాక్టు ఇప్పించింది నేనే. మెయిలు సగం నేనే రాశాను. అవతలివాళ్ళు అది చదివి, నరసరావుపేటలో ఇంతటి బుర్ర ఉందా అని నోరు తెరిచారు.

మా మనవరాలు ఇన్‌స్టాగ్రామ్‌లో వంటింటి సంగతులు పెడుతుంది. ఈ రోజుల్లో దాన్ని క్రియేటర్ ఉద్యోగం అంటారు. ఉప్పెంత వేయాలో చెప్పడం మా అమ్మ కూడా చేసేది, ఆవిడనెవరూ క్రియేటర్ అనలేదు. కోడలికి ఇదేమీ నచ్చలేదు. ఈ కంపెనీ ఒప్పుకోకపోతే సోమవారం బ్యాంకు కోచింగులో చేరాల్సిందేనని తేల్చి చెప్పింది. అందుకే పిల్ల ప్రాణమంతా ఆ మెయిలులో ఉంది.

అందులో కంపెనీకి చేసిపెడతానన్నది ఆరు కరోసెల్స్ వరస. కరోసెల్ అంటే వేలితో పక్కకు జరుపుకుంటూ చదివే బొమ్మల పేజీలు. నమూనాకి ఒకదాని స్లయిడ్లు వరసగా రాసింది. మొదటి దాంట్లో ఒక్క ప్రశ్న: ‘మీ కారం రంగు ఎందుకు వెలిసిపోతోంది?’ తర్వాత మూడింటిలో మూడు తప్పులు: కిటికీ పక్కన గాజు సీసా, పొయ్యి పక్కన అర, తడి చెంచా. ఆపైన ఎండ తగిలిన కారం, చీకట్లో ఉంచిన కారం పక్కపక్కన ఫొటో. తర్వాత ఏం చేయాలో. కంపెనీ ప్యాకెట్టు ఏడో స్లయిడులో గానీ కనపడదు. ఎనిమిదోది, ఈ పోస్టు ఫోనులో దాచుకోమని చెప్పి చదివేవాళ్ళని ఓ మాట అడిగేది.

“అంగడి బోర్డు గుమ్మం మీద కట్టుకుంటారు గానీ, పెరట్లో కాదే,” అన్నాను.

“మొదట్లోనే ప్యాకెట్టు చూపిస్తే ప్రకటన అనుకుని పైకి తోసేస్తారు తాతయ్యా. ఉపయోగపడింది అనిపించాక చూపిస్తే ఆగుతారు.”

ధర దగ్గరికి వచ్చేసరికి ఇక ఊరుకోలేకపోయాను. ప్రయోగాలకీ ఫొటోలకీ ఇంత, రాతకీ డిజైనుకీ ఇంత, రెండుసార్లు మార్పులు ఇందులోనే. ఆరూ కలిపి తీసుకుంటే షూటింగు ఒకేసారి అవుతుంది కాబట్టి తగ్గింపు. వాళ్ళ సొంత ప్రకటనల్లో వాడుకుంటే నెలకింత వేరే. పని నడిచే మూడు నెలలూ ఇంకో కారం కంపెనీకి చేయకుండా ఉండేందుకు ఇంకొంత. ఖర్చు గుట్టంతా విప్పి కొనేవాడి ముందు పరిచింది.

నేను పత్తి కమీషన్ వ్యాపారంలో తలనెరిసినవాణ్ణి. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చిన రోజులు నావి. బేరమాడకుండా కొనేవాడు పల్నాడులో ఇంకా పుట్టలేదు. “మొత్తంలో ఐదో వంతు ఎక్కువ ఎయ్యవే. వాళ్ళు గీకితే నీ ధరకొచ్చి ఆగుద్ది,” అన్నాను.

“విడివిడి లెక్కతో మొత్తం కుదరదు తాతయ్యా.”

“ఎవరు కూడి చూస్తారే?”

పిల్ల నా తెల్ల జుట్టు చూసి ఆ ఐదో వంతు వేసేసింది.

ఇప్పుడు అసలు సంగతి ఒప్పుకోవాలి. నేను రాసింది మెయిలులో సగం కాదు. ఆ ఒక్క అంకె. నోరు తెరిచినవాళ్ళు కూడా ఎవరూ లేరు. కంపెనీ మార్కెటింగ్ చూసే అమ్మాయి మర్నాడే జవాబిచ్చింది. ఐడియా నచ్చింది, ఆరూ తీసుకుందామనుకున్నాం, కానీ విడి ధరలు కూడితే మీ మొత్తం రావడం లేదు, తేడా దేనికో చెప్పండి అని. ఆవిడ కూడి చూసింది. పనీపాటా లేని మనుషులు.

ఆ తేడా బేరానికని పెట్టుకున్నానని పిల్ల ఉన్నదున్నట్టు రాసి, సరైన మొత్తం వేసి, క్షమాపణ చెప్పి పంపింది. సాయంత్రానికి వాళ్ళు సరే అన్నారు, నాలుగు కరోసెల్స్‌కి. కోచింగు వాయిదా పడింది. నేను మాత్రం వీధిలో కనపడినవాళ్ళందరికీ, నా అంకె ఎర వేయబట్టే చేప పడిందని చెప్పుకుంటున్నాను.

ఇదంతా రాసి పిల్లకి చదివి వినిపించాను. ఫోనులోంచి తల ఎత్తకుండా వింది.

“ఏంది తాతయ్యా ఎర? ముందు ఆరూ తీసుకుంటామన్నోళ్ళు, నీ అంకె చూశాక ముందు నాలుగు చేసి చూపించమన్నారు. పోయిన రెండూ నీ వల్లే పోయినయ్. ఈ నాలుగూ అయిపోతే అమ్మ మళ్ళీ కోచింగ్ అంటది. నేను మళ్ళీ మెయిల్ రాసేప్పుడు నువ్వు బజారుకు పో.”