మామ మెసేజికి బదులు

ఆఫీసులో టీ కోసం ఎదురు చూస్తుంటే మా మేనమామ దగ్గర్నుంచి ఒక మెసేజి వచ్చింది. అందులో ఎం అనే ఇంగ్లీషు అక్షరం అవసరానికి మించి ఉంది. మొదట్లో ఒక జి, మధ్యలో ఒక డి, చివర ఇంకో జి. మిగతాదంతా దాదాపు ఎంలే. ఫోను వెనక జేబులో పెట్టుకుని దాని మీద కూర్చునేవాళ్ళ దగ్గర్నుంచి ఇలాంటివి వస్తుంటాయి. కానీ మామ పంచె కట్టే మనిషి. పంచెకి వెనక జేబు ఉండదు. కాబట్టి ఇది రాసిందే అని తేల్చుకుని మళ్ళీ చూశాను. గుడ్ మార్నింగ్ అట.

మామ ఉండేది కిరుమాంబాక్కం అనే పల్లెలో. వేరుశెనగ వేస్తాడు, ఇంటెనక కాస్త వంకాయ. ఒకప్పుడు కడలూరు బస్సులో చివరి సీటులో కూర్చుని డ్రైవరుతో కబుర్లు చెప్పేవాడు. డ్రైవరు కూడా బదులు చెప్పేవాడు, వేరే దారి లేక. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. నాలుక మందమైంది. బుర్రలో మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి, నోరే వాటిని సరిగ్గా పలకలేకపోతోంది అన్నాడు డాక్టరు. ఆస్పత్రి నుంచి వచ్చినరోజు మామ తన గొంతు తను ఒకసారి విన్నాడు. రెండోసారి వినాలనిపించలేదు. ఆ తర్వాత అత్తతో కూడా తలాడించి సరిపెట్టుకున్నాడు. ఎవరైనా చూడ్డానికి పోతే గోడవైపు తిరిగి పడుకునేవాడు.

టౌన్లో ఉప్పళంలో ఉండే మా బావ, అంటే మామ కొడుకు, ఒక చిన్న ఫోను కొనిచ్చాడు. "నోటితో కాకపోతే బొటనవేలితో మాట్లాడు నాయనా" అన్నాడట. ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. మామకి ఎడమ బొటనవేలు ఒకటి మిగిలింది. అది కూడా అంతదాకా ఏ పనీ చెయ్యకుండా హాయిగా బతికిన వేలు.

ఆ ఫోన్ల సంగతి ఇప్పటివాళ్ళకి కాస్త చెప్పాలి. ఒక్కో మీట మీద మూడు నాలుగు అక్షరాలు. ఆరో మీట ఒకసారి నొక్కితే ఎం, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే ఎన్, మూడుసార్లు నొక్కితే ఓ. నొక్కుడుకీ నొక్కుడుకీ మధ్య కాస్త ఆలస్యమైతే ఫోను ఆగదు, ఇంక అయిపోయిందనుకుని ముందుకి జరిగిపోతుంది. అప్పుడు ఒక ఓ బదులు మూడు ఎంలు పడతాయి. గుడ్ మార్నింగ్‌లో సగం అక్షరాలు ఆ ఆరో మీట మీదే ఉన్నాయి. నెమ్మదైన వేలికి ఇంతకన్నా కష్టమైన పలకరింపు ఇంగ్లీషులో ఉన్నట్టు లేదు. తప్పు పడితే చెరుపుకోవచ్చు, కానీ చెరిపే మీట గట్టిగా నొక్కి పట్టుకుంటే మొత్తం చెరిగిపోతుంది. అలవాటు లేని వేలికి నొక్కడం తెలుసు, వదలడం తెలీదు.

తెలుగులో రాస్తే సరిపోయేది కదా అంటారేమో. మేముండేది అరవదేశంలో, తెలుగు ఇళ్ళల్లో మాట్లాడతాం, అంతే. చదవడం, రాయడం కాలేజీలో పట్టుబట్టి నేర్చుకున్న నాలాంటి ఒకరిద్దరికే వచ్చు. మామకి రాదు. ఆ ఫోనుకీ రాదు. ఆ విషయంలో ఇద్దరూ ఒకటే.

ఇంతకీ నేను బదులు రాయాలి. డిగ్రీ ఉన్న మనిషిని, ఆఫీసులో పెద్దవాళ్ళకి ఉత్తరాలు రాసేవాణ్ణి. పది నిమిషాలు ఆలోచించి, ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా కొట్టాను: "సూపర్ మామా! చాలా బాగా రాసినావు. తొందరేం లేదు, మెల్లమెల్లగా ప్రాక్టీసు చెయ్యి." పంపాక నా మీద నాకే కాస్త గౌరవం కలిగింది. ఇందులో వెటకారం లేదు, విసుగు లేదు, తప్పులెన్నడం లేదు. బావకి కూడా అదే మెసేజి పోయిందట. బావ బదులు రాయలేదు. సంతోషం పట్టలేక వెంటనే ఫోను చేసి, "నాయనా, ఓ కొట్టాలంటే మూడుసార్లు గబగబా నొక్కాల" అని పాఠం చెప్పాడు.

ఆ తర్వాత మామ దగ్గర్నుంచి ఏమీ రాలేదు.

ఆదివారం బస్సెక్కి పోయాను. ఫోను వంటింట్లో బియ్యం డబ్బా మీద బోర్లించి ఉంది. మామ గోడవైపు తిరిగి ఉన్నాడు. అత్త నన్ను పెరట్లోకి పిలిచి వంకాయలు కోస్తూ చెప్పింది.

"ఏం రాసినావురా దాంట్లో?"

"బాగా రాసినావు మామా అని రాసినా."

"అదేనా? దాన్ని చూసి ఒక్క మాట అన్నాడు. ఇన్నాళ్ళకి నోరు తెరిచి ఒకే ఒక్క మాట. 'బాలవాడి' అన్నాడు."

"బాలవాడా?"

"ఆఁ. తనని బాలవాడిలో చేర్చినారని. తీసుకుపోయి బియ్యం డబ్బా మీద పెట్టమని సైగ చేసినాడు."

ఏడ్చే పిల్లల్ని కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టి పాటలు పాడించే చోటు బాలవాడి. అత్త వంకాయ మీద కత్తి ఆపి నా వైపు చూసింది. "మీ మామ ఆ ఫోనుతో కూడా మాట్లాడకపోతే ఇంక ఎవరితో మాట్లాడతాడు, చెప్పు? నాతో మాట్లాడేది ఏముంది? నాకు సదువు రాదు."

ఇక్కడ మా వంశాచారం ఒకటి చెప్పాలి. మా ఇళ్ళల్లో మేనమామని గౌరవించరు. అది తండ్రికి, టీచరుకి, బ్యాంకు మేనేజరుకి చేసే పని. మామా అల్లుళ్ళు ఎదురుపడితే మొదట ఒకరినొకరు నాలుగు తిట్టుకోవాలి, అప్పుడే కుశలప్రశ్నలు. నా పెళ్ళిచూపుల్లో పిల్ల తరపు వాళ్ళ ముందు "ఈ గాడిదకి పిల్లనిస్తా ఉండారా, బాగా ఆలోచించుకున్నారా?" అని అడిగినవాడు మామ. వాళ్ళు దాన్ని మంచి సంబంధానికి గుర్తుగా తీసుకున్నారు. అలాంటి మనిషికి నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మెచ్చుకుంటూ ఉత్తరం రాశాను. మా మామ దాన్ని చదివి ఏమనుకుని ఉంటాడో బస్సులో తిరిగొస్తుంటే తెలిసింది. తన పని అయిపోయిందని అనుకుని ఉంటాడు.

సరే, తిడదాం అనుకున్నాను. తిట్టడం కూడా అంత సులువు కాలేదు. ఎంల మీద జోకు వెయ్యకూడదు, అది పడిపోయిన చేతిని వెక్కిరించినట్టే. ఆయన తప్పులే నేనూ రాస్తే సరదాగా ఉంటుందా? ఉండదు, కుంటివాడి వెనక కుంటుతూ నడిచినట్టు ఉంటుంది. నిదానం మీద, ఓపిక మీద, ఆరోగ్యం మీద ఒక్క మాటా రాకూడదు. పొడవుగా రాయకూడదు, ఆ తెర మీద మూడు వరసలే పడతాయి, మిగతాది కిందికి జరుపుకోవాలంటే మళ్ళీ వేలికే పని. పెద్ద ప్రశ్న అడగకూడదు, బదులు ఒక్క ముక్కలో ఇవ్వగలిగేట్టు ఉండాలి. ఇన్ని షరతులతో మా ఆఫీసులో టెండరు కూడా పిలవరు.

ఒర్లియంపేటలో మా ఇంటికి చేరి, మర్నాడు పొద్దున్నే ఇది పంపాను: "మామా, నీ వంకాయలన్నీ పుచ్చే. పురుగులు నువ్వే పెంచినావా?"

అత్త ఇచ్చిన వంకాయల్లో ఒక్క పుచ్చు లేదు.

చేరింది అని ఫోను చెప్పింది. అంతే. ఆ రోజుల్లో అవతలివాడు రాస్తున్నాడో లేదో చూపించే ఏర్పాటు లేదు. చదివాడో లేదో తెలీదు. బియ్యం డబ్బా మీదే చేరిందేమో తెలీదు. ఆఫీసుకి పోయాను. ఫోను బల్ల మీద పెట్టుకుని దాన్నే చూస్తూ పని చేశాను, అంటే చెయ్యలేదు. పది దాటింది, పదకొండు దాటింది. ఎక్కువ తిట్టానేమో అనిపించింది. కాసేపటికి తక్కువ తిట్టానేమో అనిపించింది. భోజనాల వేళకి ఇంక తట్టుకోలేక ఫోను చేశాను.

చాలా సేపు మోగాక అత్త ఎత్తింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఏందిరా ఇది? ఇప్పుడేనా చేసేది నువ్వు?"

"ఏమైంది అత్తా?"

"పొద్దున అది మోగితే తీసుకుపోయి ఇచ్చినా. నీ మెసేజి సదివినకాడ్నుంచి కూర్చోని కొడతానే ఉండాడు. ఇడ్లీ పెడితే తినలా. నేను పక్కకి వస్తే కళ్ళతోనే పొమ్మంటాడు. ఇప్పుడు నీ రింగు వచ్చింది, కంగారుపడి ఎర్ర మీట నొక్కబోయి ఏందో నొక్కినాడు. రాసిందంతా పోయిందంట."

"మొత్తమా?"

"నాకేం తెలుసు? తెర చూపించినాడు. ఖాళీగా ఉంది."

వెనక నుంచి ఏదో శబ్దం వినిపించింది. మాట కాదు. అత్త పెట్టేసింది.

అరపూట కష్టపడి ఒక మనిషి నన్ను తిట్టాడు. అది నాకు చేరకముందే నేనే చెరిపేశాను. క్షమించు మామా అని రాద్దామనుకున్నాను, మళ్ళీ బాలవాడే. ఏమీ రాయకుండా ఊరుకుంటే, ఆయన ఆ ఖాళీ తెర చూస్తూ కూర్చుంటాడు. మళ్ళీ రాయమని అడిగితే జబ్బు మనిషి చేత చాకిరీ చేయించినట్టు. బావకి ఫోను చేసి సలహా అడిగాను.

"నువ్వు సుమ్మా ఉండు, ఏం చెయ్యొద్దు" అన్నాడు బావ. "ఆయన్ని రెస్టు తీసుకోనీ. ఏం కావాల నీకు, ఆయన చేత తిట్లు తినడం అంత అవసరమా?"

అవును అని చెప్పలేకపోయాను. బావ మంచివాడు. రోజు విడిచి రోజు ఉప్పళం నుంచి పోయి తండ్రికి చెయ్యి పట్టి వ్యాయామం చేయించేది వాడే. నేను వారానికోసారి పోయి వంకాయలు తెచ్చుకునే మనిషిని. ఏ మొహం పెట్టుకుని వాదించాలి?

అయినా పంపాను. "మామా, నా తిట్టు నాకు రాలేదు. ఎగ్గొడతావా?"

ఆ మధ్యాహ్నం ఏం పని చేశానో గుర్తు లేదు. ఫోను చెయ్యలేదు, అది మాత్రం గుర్తుంది. నా చేతిలో ఉన్న సాయం అదొక్కటే, ఫోను చెయ్యకపోవడం. ఒకటి రెండుసార్లు ఫోను సొరుగులో పెట్టి మూశాను. అందులో పెడితే మోగినా వినబడదేమోనని మళ్ళీ తీశాను.

సాయంత్రం ఆఫీసు కట్టేసి స్కూటరు తీస్తుంటే వచ్చింది. ఇంగ్లీషులో నాలుగక్షరాల మాట. మధ్యలో ఓ ఉండాల్సిన చోట ఎంలు ఉన్నాయి, కానీ ఈసారి అర్థం కావడానికి నాకు కాసేపు కూడా పట్టలేదు.

పోరా.

స్కూటరు స్టాండు వేసి అక్కడే నిలబడ్డాను. వాచ్‌మన్ "ఏమైంది సార్, మంచి వార్తా?" అని అరవంలో అడిగాడు. మా మామ పొమ్మన్నాడు అంటే ఏమనుకుంటాడోనని తలూపాను.

మళ్ళీ బదులు రాయాలి. రెండు బొటనవేళ్ళతో గబగబా కొట్టుకుంటూ పోయాను, చిన్నప్పటి నుంచి దాచుకున్న తిట్లన్నీ. తెర నిండిపోయింది. చదివి చూసుకుంటే నాకే భయమేసింది. ఆయనకి ఒక పగలంతా పట్టిన దానికి నేను నిమిషంలో ఇంత బదులు ఇస్తే, ఎవరి చేతులు బాగున్నాయో చెప్పడానికి ఇంకేం కావాలి? మొత్తం చెరిపేశాను. ఆయన పంపినంత మాటే పంపాలి.

"పోను" అని కొట్టి పంపాను.

చేరింది అని చూపించింది. స్కూటరు మీద కూర్చుని తెర ఆరిపోయేదాకా చూశాను. ఆయన నవ్వాడో, ఫోను మళ్ళీ బియ్యం డబ్బా మీదికి పోయిందో, లేక ఇంకో మాటకి వేలు ఆరో మీట మీద పెట్టాడో ఇక్కణ్ణుంచి తెలిసే దారి లేదు. అత్తని అడగాలంటే ఫోను చెయ్యాలి.