పిల్లికి గోపురం కొలత

హోసూరులో మా పిల్లి గోడ ఎక్కలేనంత లావైంది. వీధికుక్కలు ఆ సంగతి గమనించినాయి. పశువుల డాక్టరు, "పస్తు పెట్టొద్దు, ప్రాణానికే ముప్పు. కొలిచి పెట్టి మెల్లగా తగ్గించండి, ఆడించండి" అన్నారు. నేను చిన్న గిన్నె తెచ్చినాను. అవ్వ అందులో ఎండుచేపల అన్నం గోపురంగా పెట్టింది.

"తలకొట్టి, అంచుకు సమంగా పెట్టవ్వా."

"కూలోళ్ళకు గింజలే ఎప్పుడూ తలకొట్టి కొలవలేదప్పా, పిల్లికి కొలుస్తానా?"

కాలేజీలో చదివినవాణ్ణి కాబట్టి వాదించలేదు. ఇంకొంచెం చిన్న గిన్నె తెచ్చినాను, కొన్నాళ్ళకు మరొకటి. గోపురం మాత్రం తగ్గలేదు. తిండికి ముందు రోజూ దారం లాగుతూ పిల్లిని పరుగెత్తించినాను. ఇట్లా నెలలు గడిచినాయి.

ఒక సాయంత్రం కుక్క తరిమితే పిల్లి ఒక్క దూకున గోడెక్కింది. అవ్వ తృప్తిగా చూసి, "కడుపునిండా పెడితే ఎందుకు ఎగరదప్పా?" అంది.