రెజ్యూమెలో నా అనుభవం గడి

యాభై ఏళ్లకు నాకు మొదటి రెజ్యూమె కావలసి వచ్చింది. కొత్త మిల్లులో సూపర్‌వైజర్ పనికి అది లేనిదే గేటు దాటనివ్వరట. ఈ సాయంత్రం షిఫ్టు దిగి అలసిపోయి కూర్చుంటే, సూరత్ శివారు భేస్తాన్‌లోని మా గదిలో కూతురు దాన్ని ఫోన్లో టైపు చేసింది.

“చివరి పని ముందు రాయాలె బాపూ. కంపెనీ పేరేంది?”

“సేఠ్ ఖాతా అని రాయి బిడ్డా. బోర్డు గిట్ట లేదు.”

సూరత్‌లో మగ్గాల కార్ఖానాను ఖాతా అంటాం. ఇరవై ఎనిమిదేళ్లలో ఆరు ఖాతాలు మారాను. ఏ సేఠూ నియామక పత్రం ఇవ్వలేదు.

“కాగితం లేదు గదా, ఫ్రెషర్ అని పెట్టాల్నా?”

వద్దన్నాను. “పవర్‌లూమ్ ఆపరేటర్, ఇరవై ఎనిమిదేళ్లు” అనే రాయించాను. రెఫరెన్స్ దగ్గర నా పక్క మగ్గం నడిపినవాడి పేరు పెట్టించాను. ఇంటర్వ్యూలో రుజువు అడిగితే కాయలు కాచిన నా చేతులు చూపాలా, వాటి కష్టంతో లేచిన సేఠ్ బంగ్లా చూపాలా? మీరే చెప్పండి.