ఖాళీగా ఉన్నవాళ్ల కూలి

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందు గోదావరిఖనిలో, గనులకు పనులు చేసిపెట్టే వర్క్‌షాపులో అంచనాలు వేసే క్లర్కుని నేను. పనులకంటే అంచనాలే ఎక్కువ పుట్టే చోటు అది.

ఒకసారి గని లోపల దెబ్బ తగిలినవాళ్లను పైకి తెచ్చే బండి కావాల్సి వచ్చింది. బయటి కాంట్రాక్టరు లక్షా డెబ్బై వేలకు చేసిస్తానన్నాడు. మా ఫోర్‌మన్ కాకకేమో ఆ పని షాపుకే రావాలని పట్టుదల. పని లేదన్న సాకుతో ఆయన ఫిట్టర్లను మందమర్రికి పంపేస్తారని అప్పటికే మాట నడుస్తోంది.

పాత పద్ధతిలో లెక్క వేస్తే మాకు లక్షా తొంభై అయింది. సామానుకు లక్షా పది, ఫిట్టర్ల జీతం అరవై, వెల్డర్ల జీతం ఇరవై. అది చూసి నాకు ఒళ్లు మండింది. విడిభాగాలు రాక ఫిట్టర్లు పొద్దంతా బెంచీల మీదే కూర్చుంటున్నారు. బండి చేసినా చేయకపోయినా వాళ్లకు హాజరు పడుతుంది, జీతం వస్తుంది. ఈ పని వల్ల కంపెనీకి కొత్తగా అయ్యే ఖర్చేముంది? వాళ్ల దగ్గర సున్నా వేశాను. వెల్డర్లకు మాత్రం ఊపిరాడని పని. వాళ్లు డ్యూటీ అయ్యాక ఆగి చేయాలి, ఓటీ అంటే రెట్టింపు. వాళ్ల ఇరవై నలభై అయింది. మొత్తం లక్షన్నర.

“ఇగ పని మనదే బిడ్డా!” అన్నాడు కాక. ఆయన అంత సంబరపడగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఫైలు మీద సంతకం పడకముందే గనిలో బొగ్గు మోసే బెల్టు చెడిపోయింది. ఫిట్టర్లందరినీ ఆ మరమ్మతుకు తీసుకున్నారు. ఇప్పుడు బండి చేయాలంటే వాళ్లకూ ఓటీ ఇవ్వాలి. సున్నా ఉన్నచోట లక్షా ఇరవై వచ్చింది, మొత్తం రెండు లక్షల డెబ్బైకి పోయింది.

“ఆ సున్నా గట్లనే ఉండనియ్యి. మొన్న నువ్వే రాసినవ్ గద?”

“మొన్న వాళ్లు ఖాళీగ ఉన్నరు కాకా. బెల్టు పని అయ్యేదాక ఆగితే మళ్ల సున్నానే వేస్త.”

ఆగడానికి గనివాళ్లు ఒప్పుకోలేదు. దెబ్బ తగిలిన మనిషిని ఇంకెన్నాళ్లు భుజాల మీద మోయాలని అడిగారు. నేను అంకె మార్చి పంపాను. పని కాంట్రాక్టరుకు పోయింది. లెక్క తప్పు కాదు, అయినా రెండు రోజులు దాన్ని మళ్లీ మళ్లీ కూడి చూసుకున్నాను.

బండి లారీలో వచ్చేసరికి బెల్టు పని ముగిసి ఫిట్టర్లు మళ్లీ బెంచీలెక్కారు. దాన్ని దించడానికి కాక వాళ్లనే పిలిచాడు. చుట్టూ తిరిగి చూసి, “వెల్డింగు మంచిగనే చేసిండ్రు” అన్నాడు. దించినవాళ్లలో సగం మందికి ఆ వారమే మందమర్రి బదిలీ కాగితాలు అందాయి.

బండి దింపుడు కూలి ఎంత వేయాలని ఆఫీసులో అడిగారు. ఏమీ లేదన్నాను.